ప్లేలిస్ట్‌కు పేరు, ఛానల్‌కు పరిచయం: వీడియోలను తీరుగా సర్దే పద్ధతి

యూట్యూబ్ ఛానల్‌లో ప్లేలిస్ట్ అంటే ఒకే విషయానికి చెందిన వీడియోలను ఒక వరుసలో పెట్టిన జాబితా. అబౌట్ విభాగం అంటే ఆ ఛానల్ ఎవరి కోసం, దేని గురించి అన్నది మాటల్లో చెప్పే పరిచయం. ఈ రెండింటినీ చాలామంది వేర్వేరు పనులుగా చూస్తారు. ఛానల్ తెరిచిన రోజున పరిచయం రాసేసి మరచిపోతారు. ప్లేలిస్ట్‌లను మాత్రం ఎప్పుడు తోచితే అప్పుడు, ఏ పేరు తోచితే ఆ పేరుతో చేర్చుకుంటూ పోతారు. నిజానికి ఇవి ఒకే పనికి రెండు కొసలు. ఛానల్‌లోని అన్ని వీడియోలకూ ఉమ్మడిగా వర్తించే సంగతి అబౌట్‌లో ఉండాలి. ఒక గుంపును మరో గుంపు నుంచి వేరు చేసే సంగతి ప్లేలిస్ట్ పేరులో ఉండాలి. ఈ పంపకం సరిగా జరిగితే కొత్తగా వచ్చిన ప్రేక్షకుడు తనకు కావలసిన వీడియో దగ్గరకు ఎవరినీ అడగకుండా చేరుకుంటాడు.

పేర్లు ఎక్కడెక్కడ కనిపిస్తాయి

పేరు పెట్టే ముందు ఆ పేరు చూపరికి ఏయే చోట్ల కనిపిస్తుందో తెలియాలి. ప్లేలిస్ట్ పేరు నాలుగు చోట్ల పనిచేస్తుంది. మొదటిది ఛానల్‌లోని ప్లేలిస్ట్‌ల పేజీ. అక్కడ పేర్లన్నీ పక్కపక్కన ఉంటాయి కాబట్టి చూపరి ఒకదాన్ని మరొకదానితో పోల్చుకుంటాడు. రెండోది ఛానల్ హోమ్ పేజీ. ప్లేలిస్ట్‌ను అక్కడ ఒక వరుసగా చేర్చితే దాని పేరే ఆ వరుసకు శీర్షిక అవుతుంది. మూడోది వెతుకులాట ఫలితాలు. అక్కడ ప్లేలిస్ట్ ఒంటరిగా, వేరే ఛానళ్ల వీడియోల మధ్య కనిపిస్తుంది. నాలుగోది వీడియో నడుస్తున్నప్పుడు పక్కన గానీ కింద గానీ వచ్చే జాబితా. తర్వాత ఏ వీడియో వస్తుందో, తాను ఏ వరుసలో ఉన్నాడో చూపరికి తెలిసేది అక్కడే.

ఈ నాలుగు చోట్లూ పేరును ఒకే పని అడగవు. ఛానల్ లోపల పక్కపక్కన ఉన్నప్పుడు తేడా తెలిపితే చాలు. వెతుకులాటలో ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం పేరు తనంతట తానే అర్థం కావాలి. ‘ఆకుకూరలు’ అన్న పేరు తోటపని ఛానల్ లోపల స్పష్టంగానే ఉంటుంది. బయట వెతుకులాటలో అదే పేరు చూసినవారు వంటల జాబితా అనుకుంటారు. ‘ఆకుకూరల సాగు’ అంటే రెండు చోట్లా సరిపోతుంది.

అబౌట్ సంగతి వేరు. కంప్యూటర్‌లో ఛానల్ పేరు కింద పరిచయంలోని మొదటి మాటలు మాత్రమే కనిపిస్తాయి. వాటి మీద నొక్కితేనే పూర్తి పాఠం, లింకులు, ఛానల్ మొదలైన తేదీ ఉన్న పలక తెరుచుకుంటుంది. అంటే నొక్కాలా వద్దా అన్నది ఆ మొదటి వాక్యాన్ని బట్టే నిర్ణయమవుతుంది.

ఒక మిద్దె తోట ఛానల్

పద్ధతి అర్థం కావడానికి ఒక ఊహా ఛానల్‌ను తీసుకుందాం. గుంటూరులో ఒక ఇంటి మిద్దె మీద కుండీల్లో కూరగాయలు పండించే దంపతులు నడుపుతున్న ఛానల్ అది. రసాయన ఎరువులు, రసాయన పురుగుమందులు వాడరు. ఇప్పటికి 140 వీడియోలు పెట్టారు. ప్లేలిస్ట్‌లు ఏడు ఉన్నాయి: ‘మా వీడియోలు’, ‘టిప్స్’, ‘బెస్ట్ వీడియోస్’, ‘వేసవి 2023’, ‘ఆకుకూరలు’, ‘ఆర్గానిక్’, ‘హార్వెస్ట్ డే’.

ఈ ఏడింటిలో ఏ పేరూ అబద్ధం కాదు. చిక్కంతా వాటిని విడదీసిన ప్రాతిపదికలో ఉంది. ‘ఆకుకూరలు’ పంటను బట్టి పెట్టిన పేరు. ‘వేసవి 2023’ కాలాన్ని బట్టి పెట్టింది. ‘టిప్స్’ వీడియో తీరును, ‘బెస్ట్ వీడియోస్’ యజమానుల అభిప్రాయాన్ని బట్టి వచ్చాయి. ‘ఆర్గానిక్’ సాగు పద్ధతిని చెబుతుంది. వేసవిలో గోంగూరకు పిండినల్లి పట్టినప్పుడు వేపనూనె ఎలా పిచికారీ చేయాలో చూపే వీడియో ఒకటి ఉందనుకుందాం. అది ‘టిప్స్’లో ఉండవచ్చు, ‘వేసవి 2023’లో ఉండవచ్చు, ‘ఆకుకూరలు’లో, ‘ఆర్గానిక్’లో కూడా ఉండవచ్చు. పెట్టినవారికే అది ఎక్కడుందో గుర్తుండదు. మొక్క మీద తెల్లగా దూదిలాంటిది చూసి కంగారుపడుతున్న చూపరికి అది అసలే దొరకదు.

‘ఆర్గానిక్’ అన్న పేరును ప్రత్యేకంగా గమనించాలి. ఈ ఛానల్‌లోని ప్రతి వీడియో సేంద్రియ సాగు గురించిందే. అన్నింటికీ వర్తించే మాట దేన్నీ వేరు చేయలేదు. కాబట్టి అది ప్లేలిస్ట్ పేరు కాలేదు. దాని చోటు అబౌట్. ‘మా వీడియోలు’ కూడా అంతే. ఛానల్‌లో ఉన్నవన్నీ వారి వీడియోలే గనక ఆ పేరు చూపరికి కొత్తగా ఏమీ చెప్పదు.

ఒకసారికి ఒకే ప్రాతిపదిక

ఈ సమస్యను వీడియోలు పుట్టక చాలా ముందే గ్రంథాలయ శాస్త్రం ఎదుర్కొంది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు ప్రకటించారు. వాటిలో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయమంటుంది. 1937లో వెలువడిన ‘ప్రోలెగోమెనా టు లైబ్రరీ క్లాసిఫికేషన్’ గ్రంథంలో ఆయన వర్గీకరణకు నియమాలు విడమరచి చెప్పారు. ఒక దొంతరలోని తరగతులన్నీ ఒకే లక్షణాన్ని బట్టి విడదీయాలని, ఒక వస్తువు అందులో ఒకే తరగతికి చెందేలా ఉండాలని, అన్నీ కలిపి విషయమంతటినీ ఇముడ్చుకోవాలని ఆ నియమాల సారం. ప్లేలిస్ట్‌లకు ఇవి చక్కగా సరిపోతాయి.

ఏ లక్షణాన్ని ప్రాతిపదికగా తీసుకోవాలో తేల్చడానికి ఒక కాగితం చాలు. వీడియోల శీర్షికలన్నీ ఒక పక్క రాసి, ప్రతిదానికీ ఎదురుగా ‘చూపరి ఏ ప్రశ్నతో ఈ వీడియో దగ్గరకు వస్తాడు’ అన్నది ఒక్క వాక్యంలో రాయాలి. వీడియోలో ఏముందన్నది కాదు, అడిగేవారి ప్రశ్న ఏమిటన్నది రాయాలి. గోంగూర వీడియోకు ఎదురుగా ‘ఆకుల మీద తెల్లగా పట్టింది, ఏం చేయాలి?’ అని వస్తుంది. అందులో గోంగూర ఉన్నా, వేసవి ఉన్నా, వేపనూనె ఉన్నా ప్రశ్న మాత్రం పురుగు గురించే.

మిద్దె తోట ఛానల్‌లో ఇలా రాస్తే ప్రశ్నలు కొన్ని రకాలుగా కూడుకుంటాయి. తోట ఎలా మొదలుపెట్టాలి? మట్టిలో ఏం కలపాలి, ఏ ఎరువు ఎప్పుడు వేయాలి? ఫలానా మొక్కను ఎలా పెంచాలి? మొక్కకు ఏదో పట్టింది, ఏం చేయాలి? ఇతరుల తోటలు ఎలా ఉన్నాయి? ఈ ప్రాతిపదికన 140 వీడియోలు ఇలా విడిపోతాయి: మొదలుపెట్టేవారికి 12, మట్టి, ఎరువులు 22, ఆకుకూరలు 18, బీర, సొర వంటి తీగ కూరగాయలు 16, వంగ, టమాటా, మిరప, బెండ 18, పురుగులు, తెగుళ్లు 20, పూలు, పండ్ల మొక్కలు 16, ఇతరుల తోటల సందర్శన 12. ఇవి 134. మిగిలిన ఆరు పండుగ శుభాకాంక్షలు, ఛానల్ ప్రకటనలు. వాటి కోసం ‘ఇతరాలు’ అని ఒక జాబితా తెరవనక్కర్లేదు. ప్రతి వీడియో ఏదో ఒక ప్లేలిస్ట్‌లో ఉండి తీరాలన్న నియమం యూట్యూబ్‌లో లేదు. ‘ఇతరాలు’ అన్న పేరు ఒకసారి పెడితే ఆలోచించడానికి తీరిక లేని ప్రతి వీడియో అందులోకే చేరుతుంది.

కూరగాయలను రెండుగా విడదీయడానికి కారణం ఉంది. తీగ జాతికి పందిరి కావాలి, పెద్ద కుండీ కావాలి, చేతి పరాగ సంపర్కం అవసరం పడవచ్చు. వంగ, టమాటాల పెంపకం వేరు. ప్రశ్నలు వేరైనప్పుడే విభజన నిలుస్తుంది. పూలు, పండ్ల మొక్కలు ఇప్పటికి ఒకే జాబితాలో ఉన్నాయి. ఒక్కోదానిలో వీడియోలు కొద్దిగానే ఉన్నాయి కాబట్టి ఇది తాత్కాలికం. పండ్ల మొక్కల వీడియోలు పెరిగినప్పుడు వాటికి వేరే జాబితా తెరవవచ్చు. రెండు మూడు వీడియోలతోనే కొత్త ప్లేలిస్ట్ మొదలుపెడితే, అది ఆగిపోయిన పనిలా కనిపిస్తుంది.

ఒక ఇల్లు, అవసరమైతే రెండో చోటు

యూట్యూబ్‌లో ఒకే వీడియోను ఎన్ని ప్లేలిస్ట్‌లలోనైనా చేర్చవచ్చు. గ్రంథాలయంలో ఒక పుస్తకం ఒక అరలోనే ఉండగలదు, ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. ఈ వెసులుబాటును అతిగా వాడితే జాబితాలన్నీ ఒకేలా తయారవుతాయి. మూడు ప్లేలిస్ట్‌లు తెరిచినా అవే వీడియోలు కనిపిస్తే చూపరి నాలుగోది తెరవడు.

అందుకని ప్రతి వీడియోకు ఒక సొంత ఇల్లు నిర్ణయించాలి. గోంగూర వీడియో ఇల్లు పురుగులు, తెగుళ్ల జాబితా. గోంగూర పెంచుతున్నవారు ఆకుకూరల జాబితాలో కూడా దాన్ని వెతికే అవకాశం నిజంగా ఉంటే, ఆ జాబితా చివర చేర్చవచ్చు. అంతకు మించి మూడో చోటు అక్కర్లేదు. సరిహద్దును ముందే ఒక వాక్యంలో రాసి పెట్టుకుంటే ప్రతిసారీ తర్జనభర్జన ఉండదు. ఈ ఛానల్‌కు ఆ వాక్యం ఇలా ఉంటుంది: విత్తనం నుంచి కోత దాకా ఒక పంట కథంతా చెబితే పంట జాబితా, ఒక సమస్య చూపి దానికి మందు చెబితే పురుగుల జాబితా.

కాలాన్ని బట్టి పెట్టే జాబితాలు ఈ మొదటి దొంతరలో ఇమడవు. అలాగని పనికిరానివి కావు. గుంటూరు ఎండల్లో మొక్కలకు నీడ పరదా ఎప్పుడు కట్టాలి, నీళ్లు ఎప్పుడు పోయాలి అన్న ప్రశ్నలు ఏటా మార్చి నుంచే మొదలవుతాయి. వాటికోసం ఇప్పటికే ఇల్లున్న వీడియోల్లోంచి ఏరి ‘వేసవి జాగ్రత్తలు: మార్చి నుంచి జూన్ దాకా’ అని రెండో వరస జాబితా చేయవచ్చు. అందులో సంవత్సరం ఉండకూడదు. ‘వేసవి 2023’ అన్న పేరు 2024 వేసవిలోనే పాతబడుతుంది, లోపలి సలహా పాతబడకపోయినా. పరీక్షల సిలబస్, పన్ను నియమాలు, ప్రభుత్వ పథకాల దరఖాస్తుల వంటి ఏటేటా మారే విషయాలకైతే సంవత్సరం తప్పనిసరిగా పేరులో ఉండాలి. అక్కడ తేదీయే అసలు సమాచారం.

పేరు ఎలా కట్టాలి

ప్లేలిస్ట్ పేరుకు యూట్యూబ్ 150 అక్షరాల దాకా చోటిస్తుంది. కానీ ఫోన్ తెర మీద అంత పొడవు పేరు కనిపించదు, మధ్యలో తెగిపోతుంది. కాబట్టి ఈ జాబితాను మిగతావాటి నుంచి వేరు చేసే మాట మొదట రావాలి. ‘మా మిద్దె తోటలో మేము పెంచే ఆకుకూరలు’, ‘మా మిద్దె తోటలో మేము వాడే ఎరువులు’ అని పేర్లు పెడితే తెర మీద అన్నీ ‘మా మిద్దె తోటలో మేము’ దగ్గరే ఆగిపోతాయి. ఛానల్ పేరును ప్రతి ప్లేలిస్ట్ ముందు తగిలించినా ఇదే జరుగుతుంది. ఛానల్ పేరు యూట్యూబ్ ఎలాగూ చూపిస్తుంది.

మంచి పేరుకు రెండు భాగాలు చాలు. మొదటిది విషయం. రెండోది ఆ విషయంలో ఎంతవరకు, లేదా ఏయే అంశాలు అన్న హద్దు. ఈ లెక్కన మన ఛానల్ పేర్లు ఇలా మారతాయి:

- మొదలుపెట్టేవారికి: మిద్దె తోట తొలి పాఠాలు
- మట్టి, ఎరువులు: కుండీ మొక్కలకు
- ఆకుకూరల సాగు: విత్తనం నుంచి కోత దాకా
- తీగ కూరగాయల సాగు: బీర, సొర, కాకర, దోస
- కూరగాయల సాగు: వంగ, టమాటా, మిరప, బెండ
- పురుగులు, తెగుళ్లు: గుర్తింపు, నివారణ
- పూలు, పండ్ల మొక్కలు: కుండీల్లో పెంపకం
- తోటల సందర్శన: ఇతరుల మిద్దె తోటలు

ఇవన్నీ ఒకే అచ్చులో ఉన్నాయి. ముందు విషయం, తర్వాత రెండు చుక్కలు, ఆపై హద్దు. ఒకటి ప్రశ్నగా, ఒకటి ఆశ్చర్యార్థకంతో, మరొకటి ఒంటి మాటగా ఉంటే కన్ను వాటిని పోల్చలేదు. ‘అద్భుతమైన’, ‘తప్పక చూడాల్సిన’ వంటి విశేషణాలు వేరు చేసే పని చేయవు కాబట్టి పేరులో వాటికి చోటు లేదు.

కొందరు వరుస క్రమం కోసం పేర్ల ముందు 1, 2, 3 అని అంకెలు వేస్తారు. ప్లేలిస్ట్‌ల పేజీ పేర్లను అంకెల క్రమంలో పేర్చదు. ఇటీవల వీడియో చేరిన జాబితా, ఇటీవల సృష్టించిన జాబితా వంటి లెక్కలతో అక్కడి వరుస మారుతుంటుంది. అంకెలు వేస్తే 4 తర్వాత 1, దాని తర్వాత 7 కనిపించి అయోమయం పెరుగుతుంది. వరుస మన చేతిలో ఉండే చోటు హోమ్ పేజీ ఒక్కటే.

తెలుగు లిపా, ఇంగ్లిష్ అక్షరాలా

తెలుగు ఛానళ్లకు ఈ ప్రశ్న తప్పదు. చాలామంది తెలుగువారు తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి వెతుకుతారు. అందులోనూ వర్ణక్రమం ఒక తీరుగా ఉండదు. మిద్దె తోటను `midde thota` అని ఒకరు, `midde tota` అని ఇంకొకరు, `terrace garden telugu` అని మరొకరు రాస్తారు. అన్ని రూపాలనూ పేరులో కుక్కితే పేరు చదవడానికి వీలుండదు.

దీనికి రెండు చోట్ల విడివిడిగా జవాబు ఉంది. పేరులో తెలుగు లిపిలోని మాట ఉంచి, అవసరమనిపిస్తే చివర ఒకే ఒక ఇంగ్లిష్ పదబంధం చేర్చవచ్చు: ‘ఆకుకూరల సాగు: విత్తనం నుంచి కోత దాకా | `Leafy Vegetables`’. మిగతా రూపాలను ప్లేలిస్ట్ వివరణలో సహజమైన వాక్యాల్లో వాడుకోవచ్చు. ఆ వివరణకు 5,000 అక్షరాల చోటుంది, కానీ మూడు నాలుగు వాక్యాలు చాలు. ఏ రూపం వాడాలో ఊహించనక్కర్లేదు. యూట్యూబ్ స్టూడియోలోని అనలిటిక్స్‌లో ప్రేక్షకులు ఎక్కడి నుంచి వచ్చారో చూపే పట్టిక ఉంది. అందులో యూట్యూబ్ వెతుకులాట అన్న వరుసను తెరిస్తే, ఏ మాటలు టైప్ చేసి ఈ ఛానల్‌కు చేరారో కనిపిస్తుంది. అక్కడ ఎక్కువగా కనిపించే రూపాన్నే వాడాలి.

పుస్తక భాషకూ వాడుక మాటకూ మధ్య ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు కూడా ఈ పట్టికే తీర్పు చెబుతుంది. ‘సస్య రక్షణ’ సరైన మాటే. కానీ ఆకుల మీద పురుగు చూసినవారు ‘పురుగులు’ అనే వెతుకుతారు.

జాబితా లోపలి వరుస

పేరు ఒక మాట ఇస్తుంది, లోపలి వరుస ఆ మాట నిలబెట్టుకోవాలి. ‘మొదలుపెట్టేవారికి’ అన్న జాబితా తెరిస్తే మొదట వచ్చేది మిద్దె బరువు మోయగలదా, నీరు కారకుండా ఏం చేయాలి అన్న వీడియో కావాలి. తర్వాత కుండీలు, ఆ తర్వాత మట్టి మిశ్రమం, నారు, నీళ్లు. ఇలాంటి పాఠాల జాబితాను చేత్తో పేర్చాలి. యూట్యూబ్‌లో చేర్చిన తేదీని బట్టి, ప్రచురించిన తేదీని బట్టి, ఆదరణను బట్టి కూడా పేర్చే సౌకర్యం ఉంది. తోటల సందర్శన వంటి జాబితాకు కొత్తది ముందు వచ్చే వరుస సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ఒక వీడియో మరొకదాని మీద ఆధారపడదు.

మొదటి వీడియో ఎంపికకు మరో కారణం ఉంది. ప్రత్యేకంగా బొమ్మ పెట్టకపోతే సాధారణంగా మొదటి వీడియో బొమ్మే ప్లేలిస్ట్ ముఖచిత్రం అవుతుంది. ‘పురుగులు, తెగుళ్లు’ అన్న పేరు మీద నవనవలాడే టమాటాల బొమ్మ ఉంటే పేరూ బొమ్మా చెరో దారి చూపుతాయి.

ప్లేలిస్ట్ వివరణలో మూడు సంగతులు రాయాలి: ఇది ఎవరికి, ఎక్కడ నుంచి చూడాలి, ఇందులో లేనిది ఎక్కడ దొరుకుతుంది. ఉదాహరణకు: ‘కుండీ మొక్కలకు పట్టే పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ, ఎర్రనల్లిని గుర్తించడం, వేపనూనె వంటి వాటితో అదుపు చేయడం ఈ వీడియోల్లో ఉంది. మీ మొక్కకు ఏం పట్టిందో తెలియకపోతే మొదటి వీడియో చూడండి. ఎరువుల లోపం వల్ల ఆకులు పచ్చబడటం గురించి మట్టి, ఎరువుల జాబితాలో ఉంది.’ చివరి వాక్యం చాలా విలువైనది. తప్పు గదిలోకి వచ్చినవారికి సరైన గది చూపిస్తుంది.

అబౌట్: వెయ్యి అక్షరాల్లో ఏం రాయాలి

ఛానల్ వివరణకు యూట్యూబ్ ఇచ్చే చోటు 1,000 అక్షరాలు. తెలుగులో ఇది అనిపించినంత ఎక్కువ కాదు. కంప్యూటర్ ఒత్తును, గుణింతపు గుర్తును, పొల్లును విడివిడిగా లెక్కపెడుతుంది. ‘మిద్దె’ కంటికి రెండక్షరాలే, లెక్కలో ఆరు. ‘శ్రీ’ ఒక్కటే నాలుగు. ఖాళీలు, వరుస మార్పులు కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఒక్కో వాక్యం తన చోటును సంపాదించుకోవాలి.

మొదటి వాక్యంలో విషయం, ఎవరి కోసం అన్నది రెండూ ఉండాలి. ‘మా ఛానల్‌కు స్వాగతం’ అని మొదలుపెడితే, నొక్కకుండా కనిపించే ఆ కొద్ది చోటూ స్వాగతానికే ఖర్చవుతుంది. రెండో వాక్యంలో అన్ని వీడియోలకూ ఉమ్మడిగా వర్తించే పద్ధతి చెప్పాలి. ‘ఆర్గానిక్’ అన్న పాత ప్లేలిస్ట్ మాటకు ఇక్కడ చోటు దొరుకుతుంది. మూడోది స్థలం. తోట గుంటూరులో ఉందని చెప్పడం అలంకారం కాదు. విత్తే నెలలు, నీళ్లు పోసే లెక్క ఆ వాతావరణానికి చెందినవి. బెంగళూరులోనో, మంచు కురిసే అమెరికా రాష్ట్రంలోనో ఉన్న తెలుగువారికి ఆ ఒక్క మాటతో ఏది పాటించాలో, ఏది మార్చుకోవాలో తెలుస్తుంది. ఆ తర్వాత ప్లేలిస్ట్‌ల దారిసూచిక. చివర కొత్త వీడియో ఎప్పుడు వస్తుందన్నది, అది నిజంగా పాటించగలిగితేనే.

మన ఛానల్ పరిచయం ఇలా వస్తుంది:

> మిద్దె మీద, బాల్కనీలో కుండీలు పెట్టి ఇంటికి కావలసిన కూరగాయలు పండించుకోవాలనుకునేవారి కోసం ఈ ఛానల్. రసాయన ఎరువులు, రసాయన పురుగుమందులు లేని సాగునే చూపిస్తాం. వీడియోలన్నీ గుంటూరు వాతావరణంలో తీసినవి. చల్లని ప్రాంతాలవారు విత్తే నెలలు మార్చుకోవాలి.
>
> కొత్తవారు ‘మొదలుపెట్టేవారికి’ ప్లేలిస్ట్‌తో ప్రారంభించండి.
> కుండీలో ఏం కలపాలి: ‘మట్టి, ఎరువులు’
> ఒక పంటను ఎలా పెంచాలి: ‘ఆకుకూరల సాగు’, ‘తీగ కూరగాయల సాగు’, ‘కూరగాయల సాగు’, ‘పూలు, పండ్ల మొక్కలు’
> మొక్కకు ఏదైనా పడితే: ‘పురుగులు, తెగుళ్లు’
> ఇతరుల తోటలు: ‘తోటల సందర్శన’
>
> ప్రతి ఆదివారం కొత్త వీడియో.

ఇందులో ప్లేలిస్ట్ పేర్లు ఎలా ఉన్నాయో అలాగే వాడినట్టు గమనించాలి. అబౌట్‌లో ‘చీడపీడల సమస్యలు’ అని రాసి ప్లేలిస్ట్‌కు ‘పురుగులు, తెగుళ్లు’ అని పేరు పెడితే చూపరి ఆ రెండూ ఒకటేనని ఊహించుకోవాలి. సూచికలో ఉన్న మాటే తలుపు మీద ఉండాలి. ప్లేలిస్ట్ పేరు మార్చిన రోజే అబౌట్‌లోనూ మార్చాలి.

అబౌట్‌లో రాయకూడనివి కూడా ఉన్నాయి. వెతుకులాట కోసమని వాక్యాలు లేకుండా పదాల గుట్ట పోస్తే చదివేవారికి ఉపయోగం లేదు, ఛానల్‌కు సంబంధం లేని మాటలు పెట్టడం యూట్యూబ్ నియమాలకు కూడా విరుద్ధం. లింకులకు వేరే చోటుంది, 14 దాకా ఇవ్వవచ్చు. ఈమెయిల్‌కు కూడా వేరే గడి ఉంది. ఇంటి చిరునామా, సొంత ఫోన్ నంబరు ఎవరైనా చదవగలిగే ఈ చోట ఉంచకపోవడమే క్షేమం.

హోమ్ పేజీలో వరుస

స్టూడియోలో కస్టమైజేషన్ అన్న చోట హోమ్ పేజీకి వరుసలు చేర్చవచ్చు, పన్నెండు దాకా వీలుంటుంది. మన ఛానల్‌లో మొదటి వరుస ‘మొదలుపెట్టేవారికి’ కావాలి. రెండోది కాలానికి తగ్గ జాబితా. మార్చిలో ‘వేసవి జాగ్రత్తలు’ అక్కడికి వస్తుంది, తొలకరి రాగానే దాన్ని కిందికి జరిపి తీగ కూరగాయల జాబితాను పైకి తేవచ్చు. తర్వాత పంటలు, ఆపై పురుగులు, చివర సందర్శనలు. పేర్లు స్థిరంగా ఉంచి వరుస మాత్రమే మార్చడం వల్ల ఛానల్ కొత్తగానూ కనిపిస్తుంది, అలవాటైనవారు దారి తప్పరు.

సర్దుబాటు కుదిరిందో లేదో తెలుసుకోవడం

జాబితాల పేర్లు స్పష్టంగా ఉన్నాయా అన్నది వాటిని పెట్టినవారు తేల్చలేరు, లోపల ఏముందో వారికి ముందే తెలుసు కాబట్టి. తోటపని గురించి తెలియని ముగ్గురికి ప్లేలిస్ట్ పేర్లు మాత్రమే ఇచ్చి, పది వీడియో శీర్షికలు చదివి, ఒక్కోటి ఎక్కడ ఉంటుందనుకుంటున్నారో అడగాలి. ముగ్గురూ ఒకే మాట చెబితే సరే. వేర్వేరు మాటలు చెబితే ఆ చోట సరిహద్దు మసకగా ఉందన్నమాట.

మన ఛానల్‌లో ‘కుండీలో నీరు నిలిస్తే ఏం చేయాలి?’ అన్న వీడియోను ఇలా పరీక్షకు పెట్టారనుకుందాం. ఒకరు మట్టి జాబితా అంటారు. మరొకరు వేరు కుళ్లు వస్తుంది కాబట్టి తెగుళ్ల జాబితా అంటారు. మూడోవారు మొదలుపెట్టేవారికి అంటారు. ఎవరూ తప్పు చెప్పలేదు. నీళ్ల సంగతి ఏ పేరులోనూ లేకపోవడమే లోపం. అప్పుడు జాబితా పేరును ‘మట్టి, నీరు, ఎరువులు: కుండీ మొక్కలకు’ అని మారిస్తే మాట ఒక చోట కుదురుతుంది. కొత్త ప్లేలిస్ట్ అక్కర్లేదు, ఒక్క మాట చేర్చడంతో సరిపోయింది.

కామెంట్లు మరో ఆనవాలు. ‘మట్టి మిశ్రమం గురించి వీడియో చేయండి’ అని అడుగుతున్నారు, ఆ వీడియో ఛానల్‌లో ఇప్పటికే ఉంది అంటే లోపం వీడియోలో లేదు, పేరులోనో వరుసలోనో ఉంది. అనలిటిక్స్‌లో ప్లేలిస్ట్ ద్వారా వచ్చిన వీక్షణలు కూడా చూడవచ్చు. ఒక జాబితాను తెరుస్తున్నారు కానీ మొదటి వీడియో దగ్గరే వదిలేస్తున్నారంటే, పేరు ఇచ్చిన మాటకూ మొదటి వీడియోకూ పొంతన లేదేమో పరిశీలించాలి. అసలు తెరవడమే లేదంటే పేరునో, హోమ్ పేజీలో దాని చోటునో చూడాలి.

పేరు మార్చడానికి భయపడనక్కర్లేదు. ప్లేలిస్ట్ లింకులో `list=` తర్వాత వచ్చే గుర్తు పేరు మార్చినా మారదు కాబట్టి, ఇదివరకు వాట్సాప్‌లో పంచుకున్న లింకులు పనిచేస్తూనే ఉంటాయి. ప్లేలిస్ట్‌ను తొలగిస్తే మాత్రం ఆ లింకులన్నీ చెడతాయి. అందుకని పాత ‘టిప్స్’ జాబితాను తీసేసి కొత్తది చేయడం కన్నా, దానిలోని వీడియోలను సర్ది దానికే కొత్త పేరు పెట్టడం మేలు.

సర్దే పనికి పరిమితి కూడా ఉంది. పేరు ఎంత స్పష్టంగా ఉన్నా ఒక్క జాబితాలో రకరకాల ప్రశ్నలకు జవాబులున్న వందలాది వీడియోలు పోగుపడితే చూపరి వెతకలేడు. అప్పుడు ఆ జాబితాను ప్రశ్నలను బట్టి మళ్లీ విడదీయాలి. అలాగే ఒక వీడియోలోనే నాలుగు విషయాలు కలిపి మాట్లాడితే దానికి ఏ జాబితా సరిపోదు, ఆ చిక్కును వీడియో తీసే ముందే తీర్చుకోవాలి. ఛానల్ నడిపేవారు ఏడాదికి రెండుసార్లు, కొత్త పంటకాలం మొదలయ్యే ముందు, జాబితాల పేర్లను, అబౌట్‌ను పక్కపక్కన పెట్టి చదువుకోవాలి. రెండింటిలో మాటలు కలవని చోటు కనిపిస్తే ఆ రోజే సరిచేయాలి.